ఫ్యాట్ పెరిగింది, ఆవు కరిగింది: ఆనందపురం దగ్గర ఒక డెయిరీ కేసు

విశాఖపట్నం నుంచి ఆనందపురం దాటి పద్మనాభం వైపు వెళ్లే దారిలో ఒక చిన్న డెయిరీ ఉంది. అందులో 12 సంకర జాతి ఆవులు. ఎక్కువ జెర్సీ క్రాస్, మూడు హోల్‌స్టీన్ ఫ్రీజియన్, అంటే హెచ్‌ఎఫ్ క్రాస్. భార్యాభర్తలిద్దరే చూసుకుంటారు. సూపర్ నేపియర్ గడ్డి ఎకరం దాకా ఉంది, వరిగడ్డి ఊళ్లోనే దొరుకుతుంది, పాలు కేంద్రానికి పోస్తారు. మార్చి మధ్యలో నన్ను పిలిచిన కారణం గౌరి అనే హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవు. మూడో ఈత. జనవరి చివర్లో ఈనింది. రెండు వారాలకే 16 లీటర్లకు వెళ్లిన ఆవు 11 లీటర్లకు దిగింది, ఎద జాడ లేదు.

అయినా రైతుకు ఒక ధీమా ఉంది. "మూడు ఆవులు ఈనాక క్యాన్ ఫ్యాట్ పెరిగిందండీ. ఫ్యాట్ వస్తోందంటే ఆవు ఆరోగ్యంగానే ఉన్నట్టు కదా డాక్టరు గారూ?" అన్నాడు. గౌరి పాలు విడిగా టెస్ట్ చేయించాం. ఫ్యాట్ 5.4, కొవ్వు కాని మిగతా ఘనపదార్థాలు, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్ 7.9. పోయిన ఈతలో ఈ ఆవు ఫ్యాట్ 3.8 దగ్గర ఉండేదని ఆయనే చెప్పాడు. ఈనిన ఆరేడు వారాల్లో హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవు ఇంత ఫ్యాట్ ఇస్తోంటే, అది తొట్టిలోంచి వచ్చిన ఫ్యాట్ అని నేను అనుకోను. ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగి రక్తంలోకి, అక్కడి నుంచి పొదుగులోకి వెళ్తోంది. తినే మేతలో శక్తి చాలనప్పుడు పాలలో ప్రొటీన్ కూడా తగ్గుతుంది, దాంతో ఎస్‌ఎన్‌ఎఫ్ పడుతుంది. ఫ్యాట్ పైకి, ఎస్‌ఎన్‌ఎఫ్ కిందికి వెళ్తుంటే ముందు ఆవు నడుము మీద చెయ్యి వేసి చూడాలి.

చెయ్యి వేసి చూడటానికి ఒక పద్ధతి ఉంది. దాన్నే బాడీ కండిషన్ స్కోర్ అంటాం. 1 నుంచి 5 వరకు, పావు పావుగా లెక్క. 1 అంటే ఎముకల గూడు, 5 అంటే కొవ్వు ముద్ద. పాడి ఆవుల్లో పనికొచ్చే లెక్కంతా 2.5కూ 3.75కూ మధ్యే తిరుగుతుంది. అందుకే అక్కడ పావు తేడా కూడా పట్టుకోగలగాలి. ఆవును చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమానంగా ఆనేలా నిలబెట్టి, ముందు కుడి పక్క నుంచి, తర్వాత వెనక నుంచి చూడాలి. పొట్ట వైపు చూడకూడదు. వరిగడ్డి ఎక్కువ తిన్న ఆవు పొట్ట పెద్దగా వేలాడుతూ ఉంటుంది, దాన్ని చూసి బలంగా ఉందని చాలామంది అనుకుంటారు. స్కోరు పొట్టలో ఉండదు, నడుముకూ తోకకూ మధ్య ఉంటుంది.

పక్క నుంచి చూస్తే ముందు తుంటి ఎముక, మధ్యలో కిందుగా తొడ కీలు, వెనక తోక కింద పిర్ర ఎముక కనిపిస్తాయి. ఈ మూడింటినీ కలుపుతూ కళ్లతో ఒక గీత గీసుకోండి. గీత తొడ కీలు దగ్గర కోసుగా విరిగి ఇంగ్లిష్ వి అక్షరంలా ఉంటే ఆవు 3 గానీ, అంతకంటే తక్కువ గానీ. గుండ్రంగా వంగి యు అక్షరంలా ఉంటే 3.25 లేదా అంతకంటే ఎక్కువ. సగం పని ఈ ఒక్క చూపుతో అయిపోతుంది.

వి ఆకారం అయితే ఎముకలను తడమాలి. తుంటి ఎముక కొస గుండ్రంగా ఉంటే 3. తుంటి కొస పదునుగా ఉండి, పిర్ర ఎముక మీద మాత్రం మెత్తగా కండ పట్టి ఉంటే 2.75. పిర్ర ఎముక కూడా కోణంగా తేలి, వేళ్లతో నొక్కితే కొద్దిగా కొవ్వు తగిలితే 2.5. ఆ కొవ్వు కూడా తగలకపోతే ఇంకా కింద ఉన్నట్టు. అప్పుడు నడుము పక్కన అడ్డంగా ఉండే పొట్టి ఎముకలు విడివిడిగా ఎంత దూరం కనబడుతున్నాయో చూసి 2.25 లేదా 2 ఇస్తాం.

యు ఆకారం అయితే వెనక్కి వెళ్లాలి. తోక మొదలుకు రెండు పక్కలా ఒక లిగమెంట్, వెన్ను నుంచి తుంటి వైపుకు ఇంకొకటి చర్మం కింద తాడులా కనిపిస్తాయి. రెండూ స్పష్టంగా కనబడితే 3.25. వెన్ను దగ్గరది కనబడుతూ తోక దగ్గరది మసకబారితే 3.5. తోక దగ్గరది మాయమై వెన్నుది మసకగా ఉంటే 3.75. రెండూ కొవ్వులో మునిగిపోతే 4. ఇక్కడొక జాగ్రత్త ఉంది. ఈ గుర్తులన్నీ హెచ్‌ఎఫ్ ఆవుల మీద కుదిర్చినవి. జెర్సీ క్రాస్‌కు ఎముకలు సహజంగానే కాస్త తేలి కనిపిస్తాయి, నాటు రక్తం ఎక్కువ ఉన్న ఆవుకు తుంటి నుంచి పిర్ర వరకు ఏటవాలు ఎక్కువ. అందుకే ఒక ఆవును పక్క ఆవుతో పోల్చడం కంటే, అదే మనిషి అదే ఆవును ముందుసారి స్కోరుతో పోల్చుకోవడం నయం.

ఆ రోజు గౌరి స్కోరు 2.75. ఈనిన ఆరున్నర వారాలకు 2.75 అంటే విడిగా చూస్తే కంగారు పడాల్సిన అంకె కాదు. అసలు ప్రశ్న, ఎక్కడి నుంచి ఇక్కడికి దిగింది అన్నది. రైతు ఫోనులో కనుమ పండుగ ఫొటోలు ఉన్నాయి. పసుపు, బొట్టు పెట్టి, కొమ్ములకు రంగు వేసి, పూలదండతో తీసినవి. ఒక ఫొటో సరిగ్గా వెనక నుంచి పడింది. తోక మొదలు రెండు పక్కలా గుంట లేదు, లిగమెంట్ల జాడ లేదు, నడుము చదునుగా ఉంది. ఈనడానికి రెండు వారాల ముందు ఆ ఆవు 4 దగ్గర ఉందని ఆ ఫొటో చూస్తే తెలిసిపోతుంది. అంటే రెండు నెలల లోపే 1.25 పోయింది. ఈనాక అర పాయింటు దాకా తగ్గడం ఏ మంచి పాడి ఆవుకైనా మామూలే. ముప్పావు అంటే హద్దు. అది దాటితే కాలేయం మీద, గర్భాశయం మీద ప్రభావం పడుతుంది.

రైతు భార్య ఇంకో ముక్క చెప్పింది, నాకు కావలసింది అదే. "దాణా వాసన చూసి వదిలేస్తోందండీ. ఎండుగడ్డి మాత్రం తింటోంది." కీటోసిస్ అనే జబ్బు పట్టిన ఆవులు చేసే పని ఇదే. మూత్రం పట్టి కీటోన్ స్ట్రిప్ ముంచితే ఊదారంగుకు తిరిగింది. ఒంటి కొవ్వు వరదలా కాలేయానికి చేరినప్పుడు అది పూర్తిగా ఖర్చు కాక కీటోన్లుగా మారుతుంది. కీటోన్లు పెరిగితే ఆకలి చస్తుంది, ఆకలి చస్తే ఇంకా కొవ్వు కరుగుతుంది.

బలిసి ఈనిన ఆవే ఎక్కువ కరుగుతుందంటే రైతుకు మొదట నమ్మకం కుదరలేదు. ఒంట్లో నిల్వ ఉంటే మంచిదే కదా అన్నాడు. కానీ కొవ్వు పట్టిన ఆవు ఈనే ముందూ ఈనాకా సరిగ్గా మేయదు. పాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు శిఖరానికి వెళ్తాయి, మేత తినే శక్తి మాత్రం పది పన్నెండు వారాలకు గానీ పూర్తిగా రాదు. మధ్యలో ఉన్న ఆ లోటు ప్రతి ఆవుకూ ఉంటుంది. బలిసిన ఆవు మేత ఇంకా తక్కువ తింటుంది కాబట్టి దాని లోటు ఇంకా పెద్దది.

మరి గౌరికి 4 ఎలా వచ్చింది? జవాబు దాణా గది గుమ్మం దగ్గరే ఉంది. నిండుగా కొలిస్తే 3 కిలోలు పట్టే నూనె డబ్బా ఒకటి. పాలిచ్చే ప్రతి ఆవుకూ పొద్దున ఒక డబ్బా, సాయంత్రం ఒక డబ్బా. 6 కిలోలు అందరికీ సమానం.

మన దగ్గర అందరూ వాడే లెక్క ప్రకారం 400 కిలోల సంకర ఆవుకు ఒంటి పోషణకు సుమారు 2 కిలోల దాణా, దాని మీద ప్రతి రెండున్నర లీటర్ల పాలకు కిలో. పచ్చగడ్డి బాగా ఉంటే కొంచెం తగ్గించవచ్చు. పోయిన ఈతలో గౌరి నాలుగుసార్లు చూడి నిలవక తిరగకట్టి ఆలస్యంగా చూడి కట్టింది. అందువల్ల 14 నెలలు పాలిచ్చింది. చివరి నెలల్లో రోజుకు 6 లీటర్లు. దానికి కావలసింది 2 కిలోలు, పాలకు ఇంకో 2.4, అంటే నాలుగున్నర లోపు. తిన్నది 6. రోజుకు కిలోన్నర పైగా మిగులు, నెలల తరబడి. పైగా వట్టిపోయాక ఈనడానికి బలం కావాలని ఉడికించిన ఉలవలు, గంజి పెట్టారు. ప్రేమతో పెట్టినదే, కానీ అదంతా తోక మొదలు దగ్గర పేరుకుంది. బలిసి ఈనింది, కరిగింది, ఎదకు రాలేదు. ఇలాగే వదిలేస్తే మళ్లీ ఆలస్యంగా చూడి కడుతుంది, మళ్లీ పాలు తగ్గాక నెలల తరబడి బలుస్తుంది, మళ్లీ 4తో ఈనుతుంది. ఈ చక్రం తెగాల్సింది పాలు తగ్గిన నెలల దగ్గర. ఈనిన ఆవు దగ్గర మనం చేసేది మంట ఆర్పడమే.

ముందు మంట ఆర్పాం. డెక్స్‌ట్రోజ్ సిరలోకి, బి విటమిన్ల ఇంజెక్షన్, ప్రొపిలీన్ గ్లైకాల్ రోజుకు 300 మిల్లీలీటర్ల చొప్పున 5 రోజులు. నోట్లో పోసేటప్పుడు ఆవు తల మరీ పైకెత్తకూడదు, నాలుక పట్టి లాగకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతే కీటోసిస్ కంటే పెద్ద కష్టం. నెయ్యి, ఆవనూనె పోస్తే బలం వస్తుందని ఎవరో చెప్పారట, వద్దన్నాను. అప్పటికే రక్తం నిండా కొవ్వు ఉన్న ఆవుకు ఇంకా కొవ్వు అక్కర్లేదు. విడి నూనె కడుపులో గడ్డి అరుగుదలనూ చెడగొడుతుంది.

తర్వాత దాణా. వాళ్ల మిశ్రమంలో సగం పైగా తవుడే. కడుపు నిండుతుంది గానీ శక్తి చాలదు. 100 కిలోలకు మొక్కజొన్న నూక 38, నూనె తీసిన తవుడు 20, వేరుశెనగ చెక్క 17, పత్తిగింజ చెక్క 12, మినప పొట్టు 10, మినరల్ మిక్స్చర్ 2, ఉప్పు 1 చొప్పున కలిపించాను. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వేరుశెనగ చెక్క వారం పది రోజులకు సరిపడానే కొనమన్నాను. బూజు వాసన వస్తే పడేయడమే.

గౌరికి 13 లీటర్ల లెక్కన 7 కిలోలు కావాలి. ఆ రోజు తింటున్నది 4 కూడా లేదు. ఒక్కసారిగా 7 పోస్తే కడుపు పులుస్తుంది. అందుకని ఉన్న 4 కిలోలనే నాలుగు పూటలుగా చేసి, రోజుకు పావు కిలో చొప్పున పెంచాం. ఒక పూటకు 2 కిలోలు దాటకుండా చూశాం. నేపియర్ గడ్డి మనిషెత్తు పెరిగి కాడ గట్టిపడ్డాక కోస్తున్నారు. 45 రోజులకే కోసి, లేత గడ్డి ముందు ఈనిన ఆవులకు వేసి, ముదురుది వట్టిపోయిన ఆవులకు మార్చాం. మార్చి దాటితే విశాఖ ఉక్కపోతలో ఆవులు మధ్యాహ్నం మేయవు. అందుకే ఒక పూట దాణా తెల్లవారుజామున, ఒకటి రాత్రి పడుకునే ముందు పెట్టించాం. పెంచుతున్నంత కాలం పేడ చూడమని చెప్పాను. పేడ పలచబడి బుడగలు కట్టినా, మొక్కజొన్న నూక అలాగే కనిపించినా, పడుకున్న ఆవుల్లో సగానికి తక్కువ నెమరేస్తున్నా రెండు రోజులు పెంపు ఆపాలి.

అసలు మార్పు మిగతా ఆవుల దగ్గర చేయాల్సి వచ్చింది. మొత్తం మందకు స్కోరు వేశాం. ఏడో నెల పాడిలో ఉన్న ఒక ఆవు 8 లీటర్లిస్తూ, అయిదు నెలల చూడితో, 3.75. ఇది రాబోయే గౌరి. దానికి దాణా 6 నుంచి 4.5 కిలోలకు తగ్గించమంటే రైతు ముఖం మారిపోయింది. "తగ్గిస్తే పాలు పడిపోతాయి కదండీ, కేంద్రం వాళ్లకు ఏం పోస్తాం?" అన్నాడు. వారానికి అర కిలో చొప్పున తగ్గించుదాం, లీటరు దాటి పడితే ఆపేద్దాం అన్న ఒప్పందం మీద మొదలుపెట్టాం. పడింది అర లీటరు. మిగిలిన దాణా ఈనిన ఆవుల తొట్టిలోకి వెళ్లింది, కాబట్టి ఖర్చు పెరగలేదు.

ఇంకో జెర్సీ క్రాస్ ఆవు తొలిచూలుది. నాలుగో నెల పాడి, 11 లీటర్లు, స్కోరు 2.5. లెక్కకు దానికి ఆరున్నర కిలోలు కావాలి, ఇంకా ఎదుగుతున్న వయసు కాబట్టి ఇంకో కిలో. ఇచ్చేది 6. అందులోనూ పెద్దావులు పక్కకు నెట్టేస్తుంటే సగమే అందుతోంది. దాన్ని తొట్టి చివరకు మార్చి మధ్యలో ఒక వెదురు అడ్డం కట్టారు. దాణా ఏడున్నరకు తీసుకెళ్లాం. పాలిచ్చే ఆవు తిన్న దాన్ని ఒంటికి పట్టించుకోవడంలో వట్టిపోయిన ఆవు కంటే మెరుగు. చిక్కిన ఆవును ఈనే ముందు రెండు నెలల్లో బాగుచేద్దాం అనుకుంటే ఆలస్యమే. పాడి చివరి నాలుగు నెలల్లోనే చేసుకోవాలి.

దీనికి తలకిందులుగా, బలిసిన ఆవును వట్టి కాలంలో పస్తు పెట్టి తగ్గించడం మహా ప్రమాదం. అప్పుడు ఒంటి కొవ్వు ఈనకముందే కరగడం మొదలై, కాలేయంలో కొవ్వు పేరుకున్న స్థితిలోనే ఆవు ఈనుతుంది. 3.75 ఆవు వట్టిపోయే సమయానికి 3.5కు వచ్చింది. అక్కడితో ఆపి, ఆ రెండు నెలలూ ఆ స్కోరు కదలకుండా వరిగడ్డి, ముదురు నేపియర్, కిలోన్నర దాణా పెట్టాం. చివరి మూడు వారాల్లో దాణా నెమ్మదిగా మూడు కిలోలకు పెంచాం, ఈనాక తినబోయే దాణాకు కడుపు అలవాటు పడటానికి. ఉలవలు, గంజి మానేశారు.

ఒక ఆవు మాత్రం లెక్కకు లొంగలేదు. 2.25 దగ్గర ఉంది, దాణా పెంచి ఆరు వారాలైనా కదల్లేదు. స్కోరు ఆవు చిక్కిందని చెబుతుంది, ఎందుకు చిక్కిందో చెప్పదు. మేత పెరిగినా స్కోరు నిలబడిపోతే మేత బయట కారణం వెతకాలి. ఈ ఆవు చెరువు గట్టున మేస్తుంది. పేడ పరీక్షలో కార్జపు జలగ గుడ్లు కనబడ్డాయి. మందు తాగించి, చెరువు వైపు తోలడం మానిపించాక రెండు నెలల్లో 2.75 దాకా ఎక్కింది.

గౌరి మూత్రంలో కీటోన్లు వారానికి పోయాయి. పాలు 13కు పెరిగాయి. స్కోరు మాత్రం ఇంకో పావు దిగి 2.5 దగ్గర ఆగింది. చికిత్స మొదలుపెట్టగానే స్కోరు పెరగదు. ముందు పడటం ఆగాలి, అది రెండో నెల చివరకు ఆగింది. ఫ్యాట్ 4.1కు వచ్చింది, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5కు ఎక్కింది. ఫ్యాట్ పడినందుకు రైతు నొచ్చుకున్నాడు గానీ, రెండు లీటర్లు ఎక్కువ పోస్తున్నాడు, అదీ ఎస్‌ఎన్‌ఎఫ్ తక్కువని ధరలో కోత లేకుండా. మూడు నెలలు దాటాక ఎదకు వచ్చింది, రెండో కృత్రిమ గర్భధారణ ఇంజెక్షన్‌కు చూడి కట్టింది. అప్పటికి స్కోరు 2.75. ఆవు స్కోరు పడిపోతున్నప్పుడు వేయించే ఇంజెక్షన్లు చాలావరకు వృథా. నిలబడి, పైకి తిరిగాక వేయిస్తే నిలిచే అవకాశం ఎక్కువ.

దాణా తగ్గించాక 3.5తో ఈనిన ఆ ఆవు నెలన్నరకు 3 దగ్గర ఆగింది. కీటోన్ స్ట్రిప్ రంగు మారలేదు, దాణా ఒక్క పూట కూడా వదల్లేదు.

ఇప్పుడు కొట్టం గోడ మీద ప్రతి ఆవు పేరూ సుద్దతో రాసి ఉంది. పక్కన స్కోరు, పాలు, దాణా కిలోలు. ఈనినప్పుడు, ఈనిన నెలన్నరకు, చూడి తేలినప్పుడు, వట్టి చేయడానికి మూడు నెలల ముందు, వట్టి చేసే రోజున స్కోరు వేస్తారు. వేసేది ఎక్కువగా రైతు భార్యే. పాలు పిండే మనిషి కాబట్టి ఆవును రోజూ వెనక నుంచి చూస్తుంది, పావు తేడా నాకంటే ముందే పట్టుకుంటుంది. గౌరి ఇప్పుడు అయిదో నెల చూడి, 8 లీటర్లు, స్కోరు 3, దాణా 5 కిలోలు. వట్టి చేసే రోజుకు 3.25 ఉండాలన్నది లెక్క. అంతకుముందే యు ఆకారం వచ్చి తోక దగ్గర లిగమెంట్ మసకబారితే దాణా అర కిలో తగ్గించి, పదిహేను రోజులకు మళ్లీ చూడమని చెప్పి ఉంచాను.